సార్ రిటైర్మెంట్ గిఫ్ట్‌కి పైసలు ఎలా జమ చేయాలి? తలా సమానమా, జీతాన్ని బట్టా, మూసిన కవరా?

హన్మకొండలో మాది విత్తనాల కంపెనీ బ్రాంచ్. మా మేనేజర్ సార్ 27 ఏళ్లు పనిచేసి జులై 31న రిటైర్ అయ్యారు. మే నెలాఖరులోనే మా వాట్సాప్ గ్రూపులో ఒకరు "సార్ గిఫ్ట్‌కి తలా వెయ్యి వేసుకుందాం" అని పెట్టారు. ఐదు నిమిషాల్లో పది మంది బొటనవేలు గుర్తు పెట్టేశారు. పెట్టనివాళ్లు ఎవరా అని చూస్తే గోడౌన్ వాళ్లు, వాచ్‌మన్, ఊడ్చే అమ్మ. ఎవరూ వద్దనలేదు, కానీ ఏమీ మాట్లాడలేదు.

నేను అకౌంట్స్‌లో ఉంటాను కాబట్టి వసూలు పని ఎప్పుడూ నా మీదే పడుతుంది. ఇప్పటికి నాలుగు రిటైర్మెంట్లకు జమ చేశాను, నాలుగు రకాలుగా చేశాను. ఏది ఎవరికి నప్పుతుందో, ఎక్కడ తేడా కొడుతుందో ఇక్కడ చెబుతాను.

ముందు ఏం చూడాలి

పద్ధతి ఏదైనా దాన్ని మూడు ప్రశ్నలతో కొలవండి. మొదటిది, అందరికంటే తక్కువ జీతం ఉన్న మనిషికి ఇది ఎంత బరువు? రెండోది, ఎవరు ఎంత ఇచ్చారో ఎవరెవరికి తెలుస్తుంది? మూడోది, మొత్తం ఎంత వస్తుందో ముందే అంచనా వేయగలమా? సాధారణంగా మనం మూడో ప్రశ్న ఒక్కటే వేసుకుంటాం, ఎందుకంటే గిఫ్ట్ ముందే మనసులో అనుకుని ఉంటాం. నా లెక్కలో మొదటి ప్రశ్నదే పెద్దపీట.

| పద్ధతి | తక్కువ జీతం వాళ్లకు బరువు | ఎవరెంత ఇచ్చారో తెలుస్తుందా | మొత్తం ముందే తెలుస్తుందా |
|---|---|---|---|
| తలా సమానం | చాలా ఎక్కువ | అందరిదీ ఒకటే, ఇవ్వనివాళ్లు బయటపడతారు | కచ్చితంగా |
| హోదాను బట్టి స్లాబ్ | తక్కువ | వసూలు చేసేవాళ్లకు తెలుస్తుంది | దాదాపుగా |
| మూసిన కవర్ | వాళ్ల చేతిలోనే ఉంటుంది | ఎవరికీ తెలియదు | తెలియదు |
| నెలనెలా ఫండ్ | నెలకు కొంచెమే | తెలుస్తుంది, కానీ అలవాటైపోతుంది | కచ్చితంగా |

తలా సమానం

వినడానికి ఇంతకంటే న్యాయం లేదనిపిస్తుంది. అందరిదీ ఒకటే వంతు, లెక్క తేలిక, ఎవరికీ మాట రాదు. జీతాలు దగ్గర దగ్గరగా ఉన్నచోట నిజంగానే ఇది మంచి పద్ధతి. ఒకే కేడర్ టీచర్లు పది మంది కలిసి హెడ్‌మాస్టర్‌కి ఏదైనా కొంటున్నారంటే తలా ఇంత అనుకుని ముగించండి, ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు.

మా ఆఫీసులో అలా లేదు. పెద్ద పోస్టుల్లో ఉన్నవాళ్ల జీతం 80 వేల దాకా ఉంటుంది. వాచ్‌మన్‌కి వచ్చేది తొమ్మిది వేలు. వెయ్యి రూపాయలు ఆయన నెల జీతంలో తొమ్మిదో వంతు, పై వాళ్ల జీతంలో 80వ వంతు. కాగితం మీద సమానమే కానీ ఇంట్లో సమానం కాదు.

ఇది నాకు ఊరికే తట్టిన విషయం కాదు. అంతకుముందు వేరే ఆఫీసులో చేసేటప్పుడు తలా 1,500 వసూలు చేశాం. అక్కడ ఔట్‌సోర్సింగ్‌లో ఉన్న ఒకతను నా టేబుల్ దగ్గరికి వచ్చి, మూడు మడతలు పెట్టిన ఐదు వందల నోటు ఒకటి ఇచ్చి, "అన్నా, మిగిలింది రెండు నెలల్ల ఇస్తే నడుస్తదా?" అని అడిగాడు. చుట్టూ నలుగురు ఉన్నారు. నేను "నడుస్తది" అన్నాను, లిస్టులో అతని పేరు పక్కన 500 అని రాశాను. ఆ లిస్టు నోటీసు బోర్డు మీద ఉంది. ఆ తర్వాత రెండు రోజులు అతను ఆ బోర్డు వైపు రాకుండా వెనక మెట్ల మీద నుంచి పైకి ఎక్కేవాడు. నేను వెంటనే లిస్టు తీసేయాల్సింది, తీయలేదు. అప్పటి నుంచి పేరు పక్కన అంకె ఉన్న కాగితం ఏదీ బయట పెట్టను.

హోదాను బట్టి స్లాబ్

ఇక్కడ ఒక్కొక్కరి జీతం అడగక్కర్లేదు, అడగకూడదు కూడా. పోస్టును బట్టి మెట్లు కట్టుకుంటే చాలు. మా 24 మందికి నేను మొదట వేసిన లెక్క ఇది:

| ఎవరు | ఎంతమంది | సుమారు జీతం | మొదటి లెక్క | దిద్దిన లెక్క |
|---|---|---|---|---|
| ఆఫీసర్లు | 4 | 80,000 | 2,000 | 2,500 |
| ఆఫీసు స్టాఫ్ | 9 | 40,000 | 1,200 | 1,000 |
| ఫీల్డ్ స్టాఫ్ | 6 | 25,000 | 600 | 600 |
| గోడౌన్ వాళ్లు | 3 | 15,000 | 300 | 300 |
| వాచ్‌మన్, ఊడ్చే అమ్మ | 2 | 9,000 | 100 | 100 |
| మొత్తం | 24 | | 23,500 | 23,700 |

మొదటి లెక్క పైకి బాగానే ఉంది. ఆఫీసర్ రెండు వేలు, క్లర్క్ 1,200. కానీ జీతంతో భాగించి చూస్తే ఆఫీసర్‌కి రెండున్నర శాతం, క్లర్క్‌కి మూడు శాతం పడింది. అంటే అందరికంటే ఎక్కువ బరువు మధ్యవాళ్ల మీదే పెట్టాను. స్లాబ్ వేసే ప్రతివాళ్లూ దాదాపు ఇదే పొరపాటు చేస్తారు. కింది వాళ్లకు తగ్గించాలని గుర్తుంటుంది, పై వాళ్లను ఎక్కువ అడగడానికి మొహమాటపడతాం, తేడా మొత్తం తెలియకుండానే మధ్యవాళ్ల మీదికి జారుతుంది. అందుకే ప్రతి మెట్టునూ జీతంతో భాగించి, కింది నుంచి పైకి వెళ్లేకొద్దీ శాతం పెరుగుతోందో లేదో చూసుకోండి. దిద్దిన లెక్కలో వాచ్‌మన్‌కి ఒక శాతం, గోడౌన్ వాళ్లకు రెండు, మధ్యవాళ్లకు రెండున్నర దగ్గర, ఆఫీసర్లకు మూడు పైన వచ్చాయి. నలుగురు ఆఫీసర్లను విడిగా అడిగాను, ఒక్కరూ కాదనలేదు.

వాచ్‌మన్‌ని, ఊడ్చే అమ్మని పూర్తిగా వదిలేయొచ్చు కదా అని ఒక మేడం అడిగారు. నేనూ అదే అనుకుని అమ్మతో "నీది అవసరం లేదమ్మా" అన్నాను. ఆమెకు కోపం వచ్చింది. "పన్నెండేండ్ల సంది సార్‌కు చాయ్ ఇచ్చిన బిడ్డా, నా పేరెందుకు తీసేస్తవ్?" అంది. అందుకే వంద పెట్టాం. తక్కువ పెట్టడం వేరు, లెక్కలోంచే తీసేయడం వేరు.

స్లాబ్‌లో రెండు ఇబ్బందులున్నాయి. ఈ పట్టికను గ్రూపులో పెడితే ఎవరి స్థాయి ఏమిటో అందరి ముందూ చెప్పినట్టవుతుంది. అందుకే ఎవరి మెట్టు వాళ్లకే విడిగా చెప్పాలి. రెండోది, జీతం తెలుస్తుంది కానీ ఇంటి సంగతి తెలియదు. 40 వేలు వచ్చే మనిషికి ఇంటి లోన్, అమ్మాయి కాలేజీ ఫీజు, తండ్రి ఆసుపత్రి ఖర్చు అన్నీ కలిసి ఆ నెల చేతిలో ఏమీ మిగలకపోవచ్చు. స్లాబ్‌లో అతనికి ఆ మాట చెప్పుకోకుండా తప్పించుకునే దారి ఉండదు.

మూసిన కవర్

ఆ దారి కవర్‌లో ఉంటుంది. ఒకే రకం కవర్లు ఎంతమంది ఉంటే అన్ని తెచ్చి, పేరు రాయకుండా తలా ఒకటి ఇస్తారు. ఎవరి ఇష్టం వాళ్లది. ఖాళీగా ఇచ్చినా పరవాలేదు, కానీ కవర్ మాత్రం అతికించి తిరిగి ఇవ్వాలి. ఈ ఒక్క షరతే దీనికి ప్రాణం. ఇచ్చినవాళ్లు మాత్రమే కవర్ వేస్తే వేయనివాళ్లు ఎవరో డబ్బా దగ్గరే తెలిసిపోతుంది. అందరూ వేస్తే తెలియదు.

తెరిచేటప్పుడు ఇద్దరు ఉండాలి. ముందు కవర్లు లెక్కపెట్టి ఇచ్చినన్ని వచ్చాయని చూసుకున్నాకే చింపాలి. చింపిన కవర్లు అక్కడే పారేయాలి, ఎందుకంటే కొందరి మడత, కొందరి గమ్ము చూసి గుర్తుపట్టేవాళ్లు ఉంటారు.

దీని బలహీనత మొత్తం ఎంతో తెలియకపోవడం. మా మూడో రిటైర్మెంట్‌కి ఏ అంకే చెప్పకుండా కవర్లు ఇచ్చాం. 22 కవర్లలో వచ్చింది తొమ్మిది వేల చిల్లర. పిసినారితనం కాదు, ఎంత పెట్టాలో ఎవరికీ తెలియలేదు. ఆఫీసర్లు కూడా పెళ్లి కట్నం చదివించినట్టు ఐదు వందలు పెట్టారు. మొత్తం అంకె చెప్పకపోతే మనుషులు తమకు అలవాటైన అంకె దగ్గరే ఆగిపోతారని అప్పుడు అర్థమైంది.

నెలనెలా ఫండ్

మనిషికి నెలకు 50 రూపాయలు వేసుకుంటే 24 మందికి ఏడాదికి 14,400 అవుతుంది. ఏటా ఇద్దరు ముగ్గురు రిటైర్ అయ్యే పెద్ద ఆఫీసులకు ఇదే మేలు, అప్పటికప్పుడు ఎవరి జేబూ తడుముకోనక్కర్లేదు. మాలాంటి చిన్న బ్రాంచ్‌కి కష్టం. రెండేళ్లు కట్టి కరీంనగర్‌కో ఖమ్మానికో బదిలీ అయినవాళ్ల డబ్బు సంగతేంటన్నది మొదటి రోజే రాసుకోకపోతే తర్వాత మనస్పర్థలే. దీంట్లో నాకు బాగా నచ్చేది ఒకటుంది. మేనేజర్‌కైనా అటెండర్‌కైనా ఫండ్ నుంచి ఒకే మొత్తం ఇచ్చేలా రాసుకోవచ్చు.

మేం చివరికి చేసింది

స్లాబ్‌ని, కవర్‌ని కలిపాం. ఎవరి మెట్టు అంకె వాళ్లకు విడిగా చెప్పి, "ఇది అంచనా మాత్రమే, కవర్లో ఎంత పెట్టినా ఎవరికీ తెలియదు" అని కవర్ చేతికిచ్చాం. స్లాబ్ వల్ల ఎంత పెట్టాలో దారి తెలిసింది, కవర్ వల్ల తప్పించుకునే వీలు మిగిలింది.

తేదీలు కూడా ముఖ్యమే. రిటైర్మెంట్ సాధారణంగా నెల చివరి రోజే ఉంటుంది, అప్పటికి అందరి జేబులూ ఖాళీ. అందుకని కవర్లు జూన్ 1న ఇచ్చి జులై 7న తీసుకున్నాం. మధ్యలో రెండు జీతాలు పడ్డాయి. కావాలనుకున్నవాళ్లు జూన్‌లో కొంత, జులైలో కొంత అదే కవర్లో పెట్టుకున్నారు.

ఫీల్డ్ వాళ్లతో ఒక చిక్కు వచ్చింది. జూన్, జులై అంటే పత్తి విత్తనాల హడావుడి, వాళ్లు పరకాల, నర్సంపేట, ములుగు వైపే ఉంటారు. వాళ్ల కోసం ఒక ఫీల్డ్ అసిస్టెంట్‌నే నమ్మకస్తుడిగా పెట్టాం. వాళ్లు అతనికి ఫోన్‌పే చేస్తే అతను ఆ డబ్బు తీసి కవర్లలో పెట్టి తెచ్చాడు. ఆరుగురి అంకెలూ అతనొక్కడికే తెలుసు. ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు గ్రూపులో పెట్టొద్దని ముందే గట్టిగా చెప్పాం. ఒకరు "పెయిడ్" అని పెడితే మిగతావాళ్ల మీద ఒత్తిడి మొదలవుతుంది.

24 కవర్లూ తిరిగొచ్చాయి. లెక్కపెడితే 23,150. అంచనాకు 550 మాత్రమే తక్కువ.

పైసలు ఎవరి దగ్గర ఉండాలి

సార్ తర్వాత మేనేజర్ కాబోయేవాళ్ల దగ్గర ఉండకూడదు. ఎంత మంచివాళ్లైనా సరే, కింది వాళ్లు రేపటి బాస్‌కి ఇస్తున్నట్టే ఇస్తారు. మధ్య మెట్టులో, ఎవరి లీవులూ సంతకం పెట్టని మనిషి సరైనవాడు.

ఇంకో జాగ్రత్త నా పొరపాటు వల్ల నేర్చుకున్నాను. రెండో రిటైర్మెంట్‌కి అందరి డబ్బూ నా జీతం అకౌంట్‌లోనే వేయించుకున్నాను. ఐదో తారీఖున బైక్ ఈఎంఐ, ఇన్సూరెన్స్ ప్రీమియం రెండూ ఆటోమేటిక్‌గా కట్ అయ్యాయి. షాపులో బిల్లు కట్టబోతే డబ్బు చాలలేదు. ఆ రోజు మా బావమరిదిని అడిగి సర్దాను. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. ఈఎంఐలు లేని అకౌంట్ వాడండి, లేదంటే నగదుగా ఆఫీసు బీరువాలో పెట్టండి.

గిఫ్ట్ ముందా, పైసలు ముందా

పైసలే ముందు. ఉంగరం అనుకుని ఆర్డర్ ఇచ్చేసి తర్వాత వసూలు మొదలుపెడితే, తక్కువ పడిన డబ్బు కోసం రెండోసారి అడగాల్సి వస్తుంది. రెండోసారి అడిగితే అది చందా కాదు, బాకీ. బంగారంలో ఇంకో చిక్కుంది. బిల్లులో గ్రాముల రేటు మాత్రమే ఉండదు, దాని మీద తరుగు, మజూరీ, మూడు శాతం జీఎస్టీ పడతాయి. ఆర్డర్ రోజుకీ తీసుకునే రోజుకీ రేటు మారుతుంది కూడా. బంగారమే కొనాలంటే మొత్తం చేతికొచ్చాక, బుకింగ్ రేటు రసీదు మీద రాయించుకుని, హాల్‌మార్క్ ఉన్నదే తీసుకోండి. కరీంనగర్ వెండి తీగ పనో, పెంబర్తి ఇత్తడి పనో చేయించాలనుకుంటే చేతిపని కాబట్టి టైం పడుతుంది. వసూలు ఇంకో నెల ముందే మొదలుపెట్టండి.

మేం అమ్మగారిని, అంటే సార్ భార్యను అడిగాం. సార్ రిటైర్ అయ్యాక పరకాల దగ్గర సొంతూరికి వెళ్లిపోతున్నారు, కట్టిన ఇంటి ముందు వరండాలో ఉయ్యాల బల్ల కావాలని ఎప్పటి నుంచో అంటున్నారట. టేకు బల్ల, గొలుసులతో 17,500 అయింది. మేం మర్చిపోయింది రవాణా. ఊరి దాకా ట్రాలీ ఆటోకి 1,200 అడిగాడు. పెద్ద వస్తువు కొనేటప్పుడు ఇంటికి చేర్చే ఖర్చు కూడా మొదటి రోజే లెక్కలో రాసుకోండి. సార్ దంపతులకు బట్టలు 3,000, శాలువా, దండలు 700. మొత్తం 22,400.

ప్రభుత్వ ఆఫీసులవాళ్లకు ఒక మాట

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది. అందులో 14వ నియమం ప్రకారం వీడ్కోలు కార్యక్రమానికి చందా ఇవ్వమని ఎవరి మీదా ఒత్తిడి చేయకూడదు. ఆ కార్యక్రమం పై శ్రేణి అధికారి కోసమైతే, కింది రెండు శ్రేణుల ఉద్యోగుల దగ్గర ఏ పరిస్థితిలోనూ వసూలు చేయకూడదు. అక్కడ మా స్లాబ్ పనికిరాదు, కింది మెట్లు తీసేసి పైవాళ్లే వేసుకోవాలి. మిగతావాళ్లు మీ శాఖ నియమాలు ఒకసారి తీసి చదవండి, గిఫ్ట్ విలువకు కూడా హద్దులు ఉంటాయి.

పెద్ద ఆఫీసుల్లో మొత్తం పెరిగితే పన్ను సంగతి కూడా గుర్తుంచుకోవాలి. బంధువులు కానివాళ్ల నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో వచ్చిన నగదు 50 వేలు దాటితే, దాటిన భాగం కాదు, మొత్తం డబ్బూ తీసుకున్నవాళ్ల ఆదాయంలో కలుస్తుంది. బంగారు నగల విలువకూ ఇలాంటి హద్దే ఉంది. సార్ మీద ఆ భారం వేయకుండా హద్దు లోపలే ఉండండి.

మరి మీకేది?

అందరి జీతాలూ ఒకే చోట ఉంటే తలా సమానం. జీతాల్లో పది రెట్ల దాకా తేడా ఉంటే స్లాబ్, కవర్ కలిపి. ఆఫీసులో ఇప్పటికే మనస్పర్థలు ఉంటే, లేదా వెళ్లిపోయే మేనేజర్‌తో కొందరికి పడకపోతే, అంకె చెప్పి కవర్ ఒక్కటే ఇవ్వండి. బలవంతంగా తీసుకున్న డబ్బు గురించి మాటలు సార్ చెవిన పడకుండా ఉండవు. ఏటా రిటైర్మెంట్లు ఉంటే ఫండ్ మొదలుపెట్టండి, రూల్స్ రాసి అందరి సంతకాలు తీసుకోండి.

ఏ పద్ధతైనా కార్డు మీద అందరి పేర్లూ ఉండాలి, ఒక్క అంకె కూడా ఉండకూడదు. మా కార్డు మీద 24 పేర్లు అక్షరమాల వరుసలో రాశాం, హోదా వరుసలో కాదు. ఊడ్చే అమ్మ పేరు 'అ'తో మొదలవుతుంది కాబట్టి మొదట వచ్చింది.

ఆగస్టు 2న గ్రూపులో లెక్క పెట్టాను. వచ్చింది 23,150, ఖర్చు 22,400, మిగిలింది 750. బిల్లుల ఫొటోలు కూడా పెట్టాను. మిగిలిన 750 రిజిస్టర్‌లో రాసి కవర్లో పెట్టి బీరువాలో ఉంచాం. మార్చిలో మా వాచ్‌మన్ పని మానేసి ఊరికి వెళ్తున్నాడు. అతనికి కూడా ఇవే మెట్లు, ఇవే కవర్లు అని అదే పేజీలో కింద రాసి అందరం సంతకాలు చేశాం.